ముహూర్తానికి ఇల్లు అందాలంటే ఏ పనిని కనిపెట్టుకోవాలి?

ఉన్న ఇంటిమీద ఇంకో అంతస్తు వేసేవాళ్ల దృష్టి ఎక్కువగా డబ్బు పోయే చోటే ఉంటుంది. టైల్స్ షాపుకు మళ్లీ మళ్లీ వెళ్తారు. రంగుల పుస్తకం ఇంటిల్లిపాదీ చేతులు మారుతుంది. తీరా గృహప్రవేశం దగ్గరపడేసరికి టైల్స్ పరిచి ఉంటాయి, రంగుడబ్బాలు వచ్చి ఉంటాయి, కిటికీలు మాత్రం రావు. కిటికీల ఖాళీలకు ప్లాస్టిక్ పట్టా కట్టి పాలు పొంగించిన ఇళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. అలాంటి చోట ఎవరూ పని ఎగ్గొట్టి ఉండకపోవచ్చు. ఏ పని ఒక్కరోజు జారితే ఇల్లంతా ఒక్కరోజు జారుతుందో ముందుగా ఎవరూ లెక్క వేసుకోలేదు, అంతే.

ఆ లెక్కనే క్రిటికల్ పాత్ పద్ధతి అంటారు. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ రసాయనాల కంపెనీకి చెందిన మోర్గన్ వాకర్, కంప్యూటర్లు తయారుచేసే రెమింగ్టన్ రాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి దీన్ని రూపొందించారు. కర్మాగారాలు కట్టడంలో, మరమ్మతుల కోసం వాటిని ఆపి మళ్లీ నడపడంలో రోజులు వృథా కాకుండా చూడటం వాళ్ల అవసరం. ఇంచుమించు అదే కాలంలో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనుల కోసం పెర్ట్ అనే పద్ధతిని తెచ్చుకుంది. అప్పుడు కంప్యూటర్లు కావలసి వచ్చిన ఈ లెక్క, పదిహేను పనులున్న ఇంటికైతే నోట్‌బుక్‌లో ఒక పేజీకి సరిపోతుంది.

ఒక ఇంటిని తీసుకుని చూద్దాం. కింద అంతస్తు ముందే ఉంది. పైన పిల్లర్లు, బీములు లేపి ఇవాళే స్లాబ్ పోశారు. రేపటిని 1వ రోజు అనుకుందాం. ఇక మిగిలిన పనులను, ఒక్కోదానికి పట్టే రోజులను, దానికి ముందు ఏది పూర్తికావాలో పక్కపక్కన రాసుకోవాలి. ఇక్కడి రోజులు ఒక నమూనా ఇంటివి. మీ ఇంటికి మీ మేస్త్రీని, మీ ఇంజనీరును అడిగి రాసుకోవాలి.

- స్లాబ్‌కు నీళ్లు కట్టి ఉంచి, సెంట్రింగ్ విప్పడం: 16 రోజులు
- ఇటుక గోడలు, లింటెల్, గుమ్మాలు నిలపడం: 10 రోజులు, సెంట్రింగ్ విప్పాక
- గోడల్లో కరెంటు పైపులు: 5 రోజులు, గోడలయ్యాక
- గోడల్లో నీళ్ల పైపులు: 4 రోజులు, గోడలయ్యాక
- లోపలి ప్లాస్టరింగ్: 8 రోజులు, రెండు రకాల పైపులూ అయ్యాక
- కిటికీల కొలతలు, తయారీ: 18 రోజులు, లోపలి ప్లాస్టరింగ్ అయ్యాక
- కిటికీల బిగింపు: 2 రోజులు; కిటికీలు వచ్చాక
- లోపలి ప్లాస్టరింగ్‌కు నీళ్లు కొట్టడం: 7 రోజులు, ప్లాస్టరింగ్ అయ్యాక
- టైల్స్: 5 రోజులు, నీళ్లు కొట్టడం అయ్యాక
- లప్పం, ప్రైమర్: 6 రోజులు, టైల్స్ అయ్యాక
- తలుపుల తయారీ: 25 రోజులు, గుమ్మాలు నిలిపాక
- తలుపుల బిగింపు: 1 రోజు, తలుపులు వచ్చి, టైల్స్ అయ్యాక
- బయటి ప్లాస్టరింగ్, దానికి నీళ్లు, రంగు: మొత్తం 20 రోజులు, గోడలయ్యాక
- చివరి కోటు రంగు, స్విచ్చులు, శుభ్రం చేయడం: 5 రోజులు, కిటికీలు, తలుపులు, ప్రైమర్ మూడూ అయ్యాక

ఈ పట్టికలో అసలు విలువైన సమాచారం రోజుల అంకెల్లో కంటే 'ఏది అయ్యాక' అన్న మాటల్లో ఉంది. ఉదాహరణకు తలుపులు టైల్స్ అయ్యాకే బిగించాలి, ఎందుకంటే నేల మట్టం తేలితే గానీ తలుపు కింద ఎంత సందు వదలాలో తెలియదు. టైల్స్ పని జరుగుతున్నన్నాళ్లూ గోడలు ఆరుతాయి కాబట్టి లప్పం దాని తర్వాత వచ్చింది. మేస్త్రీకి ఇవన్నీ తెలుసు. అయితే ఆయన మనసులో ఉంటే చాలదు, కాగితం మీదికి రావాలి. చాలా ఆలస్యాలు ఇలా రాయకుండా వదిలేసిన ఒక్క ముడి దగ్గరే మొదలవుతాయి.

ఇప్పుడు ముందుకు లెక్క వేద్దాం. సెంట్రింగ్ విప్పడం 16వ రోజుకు అవుతుంది. గోడలు 17 నుంచి 26 దాకా. 27న కరెంటు పైపులు, నీళ్ల పైపులు ఒకేసారి మొదలవుతాయి. కరెంటు పని 31కి, నీళ్ల పని 30కి ముగుస్తాయి. ప్లాస్టరింగ్‌కు రెండూ కావాలి కాబట్టి ఆలస్యంగా ముగిసేదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. అంటే ప్లాస్టరింగ్ 32న మొదలై 39న ముగుస్తుంది. అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఒక దారిలో కిటికీల తయారీ 40 నుంచి 57 వరకు, బిగింపు 59కి పూర్తి. రెండో దారిలో నీళ్లు కొట్టడం 46కి, టైల్స్ 51కి, ప్రైమర్ 57కి పూర్తి. తలుపులు 51కి తయారై 52న బిగుస్తాయి. బయటి పని 46తో ముగుస్తుంది. చివరి దశకు అందరికంటే ఆలస్యంగా చేరేవి 59న వచ్చే కిటికీలు. కాబట్టి అది 60న మొదలై 64న ముగుస్తుంది. ఇల్లు సిద్ధం కావడానికి 64 రోజులు.

తర్వాత వెనక్కి లెక్క. 64న పూర్తి కావాలంటే చివరి దశ 60న మొదలవాలి. అంటే దానికి ముందు కావలసినవన్నీ 59లోపు ముగిస్తే చాలు. ప్రైమర్ 57కే అయిపోతోంది కాబట్టి ఆ దారికి 2 రోజుల వెసులుబాటు ఉంది. తలుపులకు 7 రోజులు, నీళ్ల పైపులకు 1 రోజు, బయటి పనికి 18 రోజులు. కిటికీలకు మాత్రం ఒక్కరోజు కూడా లేదు. వాటి వెనకున్న లోపలి ప్లాస్టరింగ్‌కు, కరెంటు పైపులకు, గోడలకు, స్లాబ్‌కు కూడా లేదు. ఏ వెసులుబాటూ లేని ఈ గొలుసే క్రిటికల్ పాత్: స్లాబ్, గోడలు, కరెంటు పైపులు, లోపలి ప్లాస్టరింగ్, కిటికీల తయారీ, బిగింపు, చివరి దశ. రోజులు కూడి చూసుకోండి: 16, 10, 5, 8, 18, 2, 5. మొత్తం 64.

ఈ గొలుసులో ఏముందో, ఏం లేదో ఒకసారి చూడండి. ఎంతో డబ్బు పోసే టైల్స్ లేవు. అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టే తలుపులు కూడా లేవు. మన మనుషులెవరూ చెయ్యి పెట్టని రెండు నిరీక్షణలు మాత్రం ఉన్నాయి, స్లాబ్ గట్టిపడటం, కిటికీలు ఎక్కడో కార్ఖానాలో తయారవడం. సైటులో మనుషులు కనిపించని రోజు పనిలేని రోజులా అనిపిస్తుంది. ఈ ఇంటికి పట్టే 64 రోజుల్లో సగానికి పైగా ఆ రెండు నిరీక్షణలే తినేస్తున్నాయి.

వెసులుబాటు గురించి ఒక జాగ్రత్త. నీళ్లు కొట్టడం, టైల్స్, ప్రైమర్ దారికి 2 రోజులు మిగిలాయి అంటే మూడింటికీ కలిపి అవే 2 రోజులు. టైల్స్ మేస్త్రీ రెండూ వాడేసుకుంటే పెయింటర్‌కు ఏమీ మిగలదు. ఆ క్షణం నుంచి ఆ దారి కూడా క్రిటికల్ అవుతుంది. 'రెండు రోజులేగా, ఏం ఫర్వాలేదు' అని ఇద్దరితో వేర్వేరుగా అన్న ఇంటి యజమాని నాలుగు రోజులు ఒప్పుకున్నట్టే లెక్క.

కాగితం మీద చక్కగా ఉన్న ఈ ప్రణాళిక సైటులో మొదట ఎక్కడ దెబ్బతింటుందో ఇప్పుడు చూద్దాం. లోపలి ప్లాస్టరింగ్, బయటి ప్లాస్టరింగ్ వేర్వేరు పనులుగా రాశాం. చేసే ముఠా మాత్రం ఒక్కటే. గోడలు 26న అయిపోతాయి. లోపల కరెంటు వాళ్లు గోడలు చెక్కుతుంటారు. ప్లాస్టరింగ్ ముఠా ఖాళీగా ఉండలేదు కదా! మేస్త్రీ వచ్చి అడుగుతాడు.

"లోపల వాళ్లు అయ్యేదాకా మావాళ్లను కూర్చోబెట్టలేనండీ. బయట గోడలు మొదలుపెట్టేయమంటారా?"

"మంచిదే కదా మేస్త్రీ గారూ, మొదలుపెట్టండి."

ఇద్దరూ సబబుగానే మాట్లాడారు. కానీ బయటి ప్లాస్టరింగ్‌కే 7 రోజులు పడుతుంది. 27న మొదలుపెడితే 33న ముగుస్తుంది. లోపలి పని 32న మొదలవ్వాల్సింది 34కు జరుగుతుంది. అక్కడి నుంచి కిటికీలు, బిగింపు, చివరి కోటు అన్నీ రెండేసి రోజులు జరిగి ఇల్లు 66కు చేరుతుంది. 18 రోజుల వెసులుబాటున్న పని, అసలు వెసులుబాటు లేని పని నుంచి రెండు రోజులు లాక్కుంది. అప్పుడు సైటులో ఎవరూ ఖాళీగా లేరు కాబట్టి అది ఎవరి కంటికీ కనిపించదు.

లెక్క చేతిలో ఉంటే జవాబు మారుతుంది. "మొదలుపెట్టండి. కానీ 32వ రోజు పొద్దున ముఠా అంతా లోపలికి రావాలి, బయట ఎంత మిగిలినా సరే." అప్పుడు బయట 5 రోజుల పని ముందే అవుతుంది. మిగిలిన 2 రోజుల పని 40, 41 తేదీల్లో పూర్తి చేసుకోవచ్చు. ఆ తర్వాత నీళ్లకు 7, రంగుకు 6 రోజులు వేసుకున్నా బయటి పని 54కు ముగుస్తుంది. ఇంకా 10 రోజుల వెసులుబాటు ఉంటుంది. ముఠాకు కూలి పోలేదు, ఇంటికి రోజులూ పోలేదు. అందుకే పనుల పట్టిక రాసేటప్పుడు పక్కన 'ఎవరు చేస్తారు' అన్న గడి కూడా ఉండాలి. ఒకే పేరు రెండుచోట్ల కనిపిస్తే అవి ఒకేసారి జరిగే పనులు కావు.

ఇక రోజులు తగ్గించే విషయం. పంతులుగారు పెట్టిన ముహూర్తం 65వ రోజనుకోండి. 64 రోజుల ప్రణాళికతో దానికి సిద్ధపడటమంటే ఒక్క వాన కురిసినా తప్పిపోవడమే. ఆషాఢం వచ్చేస్తుంటే ముహూర్తాన్ని ఓ వారం జరపడం కూడా కుదరకపోవచ్చు. అప్పుడు కొంత డబ్బు ఖర్చుపెట్టి రోజులు కొనుక్కుందామనిపిస్తుంది. ఎక్కడ కొనాలి? వడ్రంగికి అదనంగా ఇచ్చి తలుపులు పది రోజులు ముందే తెప్పించుకున్నా ఇల్లు ఒక్కరోజు కూడా ముందుకు రాదు. క్రిటికల్ పాత్ మీద ఉన్నవాటిని తగ్గిస్తేనే ఫలితం.

వాటిలో స్లాబ్ జోలికి పోకూడదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 456, మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుతో పోసిన 6 మీటర్లలోపు బీముల కింది ఆధారాలను 14 రోజులైనా ఉంచమంటుంది. బ్లెండెడ్ సిమెంటు నెమ్మదిగా బలపడుతుంది కాబట్టి దానికి ఇంజనీరు ఇంకా ఎక్కువ రోజులు చెప్పవచ్చు. ఎంత డబ్బు పెట్టినా ఇక్కడ రోజులు దొరకవు.

కిటికీల దగ్గర దొరుకుతాయి. యూపీవీసీ కిటికీల వాళ్లు ప్లాస్టరింగ్ అయ్యాకే కొలతలు తీసుకుంటామంటారు. అందులో న్యాయం ఉంది. ఖాళీ అంచులకు ప్లాస్టరింగ్ మందం పడితేనే అసలు కొలత తేలుతుంది. టఫెన్డ్ గ్లాస్ వేయిస్తుంటే దాన్ని ముందు కొలతకు కోసి, ఆ తర్వాతే వేడి చేసి గట్టిపరుస్తారు. గట్టిపరిచిన అద్దాన్ని మళ్లీ కోయడం కుదరదు. కొలత తప్పితే అద్దం మళ్లీ మొదటి నుంచి చేయించాల్సిందే. అందుకని ప్లాన్ కాగితం చూసి అంచనాతో ఆర్డర్ ఇచ్చేయడం రోజులు మిగల్చదు, పోగొడుతుంది. చేయదగ్గది వేరే ఉంది. ప్లాస్టరింగ్ మేస్త్రీతో ముందుగా కిటికీల అంచులే పూర్తిచేయించాలి. మొదటి 3 రోజుల్లో అన్ని ఖాళీల అంచులూ తేలిపోతే 34వ రోజు సాయంత్రానికి కొలతలకు పిలవచ్చు. గోడల పని దాని మానాన సాగుతుంది.

దీనితో కిటికీల దారి 5 రోజులు తగ్గింది. ఇల్లు ఎన్ని రోజులు ముందుకొచ్చింది? 59కి అనుకున్న కిటికీలు 54కే బిగుస్తాయి. కానీ ప్రైమర్ 57కే అవుతుంది. ఇప్పుడు చివరి దశ దానికోసం ఆగాలి. ఇల్లు 62కు పూర్తవుతుంది. 5 రోజులు తగ్గిస్తే 2 రోజులే మిగిలాయి. ఇక్కడ చాలామందికి ఉత్సాహం తగ్గిపోతుంది, కానీ తెలుసుకోవలసింది ఇక్కడే ఉంది. క్రిటికల్ పాత్ మారిపోయింది. ఇప్పుడది టైల్స్, ప్రైమర్ గుండా వెళ్తోంది. కిటికీలకు 3 రోజుల వెసులుబాటు వచ్చింది. నిన్నటిదాకా పెద్ద తేడా తేని రెండో టైల్స్ మేస్త్రీ ఇవాళ పనికొస్తాడు. ఆయనతో టైల్స్ 5 రోజుల నుంచి 3కు తగ్గితే ఇల్లు 60కే పూర్తి. 65న ముహూర్తానికి ఇప్పుడు చేతిలో 4 రోజులు ఉన్నాయి. ఒక మార్పు, ఒక లెక్క, మళ్లీ ఒక మార్పు. ఈ వరుసలో పోతే డబ్బు పనికొచ్చే చోటే పడుతుంది.

కనిపెట్టుకోవడం అంటే రోజూ సైటులో నిలబడి అరవడం కాదు. క్రిటికల్ పాత్ మీదున్న పనిని మూడు సమయాల్లో, మూడు ప్రశ్నలతో చూస్తే చాలు.

మొదటిది, పని మొదలవడానికి మూడు నాలుగు రోజుల ముందు. గోడలు 17న మొదలవ్వాలంటే ఇటుక, ఇసుక, గుమ్మాలు 14వ తేదీకే సైటులో ఉన్నాయా? కరెంటు మేస్త్రీ 27న వస్తానన్నది ఇప్పటికీ నిజమేనా, లేక ఇంకో ఇంట్లో ఇరుక్కున్నాడా? రెండు పనుల మధ్య, అంటే ఒక ముఠా వెళ్లి ఇంకో ముఠా వచ్చే సందులో, పోయే రోజులే ఎక్కువ. పని చేస్తుండగా పోయే రోజులు కంటికి కనిపిస్తాయి. ఈ సందులో పోయేవి కనిపించవు.

రెండోది, పని సగంలో. 'ఎంతవరకు వచ్చింది?' అని అడిగితే 'అయిపోవచ్చిందండీ' అనే జవాబే వస్తుంది. అడగాల్సింది 'ఇంకా ఎన్ని రోజులు?' అని. గోడల పని 5వ రోజున ఆ ప్రశ్నకు 'ఏడు' అని జవాబొస్తే, మొత్తం 12 రోజులవుతుందని అప్పుడే తెలిసిపోతుంది. కిటికీల కార్ఖానా సైటులో లేదు కాబట్టి దాన్ని ముక్కలుగా అడగాలి: అడ్వాన్స్ అందిందా, కొలతలు ఖాయం చేశారా, ఫ్రేములు కోసి అతికారా, అద్దం వచ్చిందా? ఫ్రేములు చేసేవాళ్లకు అద్దం ఇంకో చోటి నుంచి రావలసి ఉంటుంది, ఆలస్యం తరచూ అక్కడే. డెలివరీ రోజున ఫోన్ చేసి తెలుసుకునేది అప్పటికే జరిగిపోయిన ఆలస్యం. తయారీ సగంలో అడిగితే ఇంకా దిద్దుకోవచ్చు.

మూడోది, ప్రతి ఆదివారం ఇంట్లో కూర్చుని లెక్క తిరగరాసే సమయం. అయిపోయిన పనులకు అసలు తేదీలు వేసి, మిగిలినవాటికి కొత్త అంచనాలు రాసి, ముందుకు, వెనక్కి మళ్లీ లెక్క వేయాలి. గోడలకు నిజంగానే 12 రోజులు పట్టి ఉంటే 60 ఇప్పుడు 62 అవుతుంది. చేతిలోని 4 రోజులు 2కు తగ్గాయి. అదే నీళ్ల పైపుల పని ఒక్కరోజు ఎక్కువ తీసుకుంటే? ఆ ఒక్కరోజు వెసులుబాటు పోతుంది, ఇల్లు మాత్రం కదలదు. ఒకదానికి కంగారుపడాలి, రెండోదానికి అక్కర్లేదు. ఆ తేడా తెలియకపోతే రెండింటికీ ఒకేలా గొడవపడతాం. గొడవ ఎక్కువైన చోట మేస్త్రీలు అసలు సంగతి దాచడం మొదలుపెడతారు.

ఈ లెక్కకు హద్దులున్నాయి. రోజులన్నీ అంచనాలే కాబట్టి, ఒకటి రెండు రోజుల వెసులుబాటే ఉన్న దారిని కూడా క్రిటికల్ లాగే చూడాలి. చాలా పనులు వచ్చి కలిసేచోట అపాయం ఎక్కువ. మన ఇంట్లో చివరి దశకు మూడు దారులు చేరుతున్నాయి. మూడింటిలో ఏ ఒక్కటి జారినా అది ఆగాల్సిందే. అందుకే మిగిలిన రోజులను ఒక్కో పనికి కాస్త కాస్తగా పంచకుండా, అన్నీ కలిపి చివర్లో ముహూర్తానికి ముందు ఒకేచోట ఉంచుకోవడం మేలు. పంచి ఇచ్చిన రోజును ప్రతి మేస్త్రీ తనదే అనుకుని వాడేస్తాడు.

మీ ఇంట్లో ఇలాంటి పని మొదలవబోతుంటే టైల్స్ షాపుకు వెళ్లేముందు ఒక సాయంత్రం మేస్త్రీతో కూర్చోండి. ప్రతి పని పక్కన అది దేని తర్వాత వస్తుందో, ఎవరు చేస్తారో, ఎన్ని రోజులో రాయండి. ముందుకోసారి, వెనక్కోసారి లెక్క వేసి, వెసులుబాటు సున్నా వచ్చిన పనుల కింద ఎర్ర గీత గీయండి. పంతులుగారి దగ్గరికి ముహూర్తం కోసం వెళ్లేది ఆ కాగితం చేతికొచ్చాకే.